ఆషాఢంలో షాపు రిపేరుకి మూస్తున్నాం, కస్టమర్లకు నోటీసు ఎలా రాయాలి? (విజయనగరం, లేడీస్ టైలరింగ్)

గంటస్తంభం కోడలు
17 జూన్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో మాది లేడీస్ టైలరింగ్ షాపు. మా అత్తగారు పెట్టి 22 ఏళ్లయింది. నాలుగేళ్లుగా నేనూ కూర్చుంటున్నాను. కిందటేడు వానలకి స్లాబు కారి వెనకగోడంతా చెమ్మ పట్టేసింది. స్విచ్ బోర్డు మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోంది. ఇంక ఆగకూడదని స్లాబుకి వాటర్‌ప్రూఫింగ్, కొత్త వైరింగ్, పాత గచ్చు తీసి టైల్స్, గోడలకి రంగు అన్నీ ఒకేసారి చేయించేద్దామనుకున్నాం. జూన్ 26 నుంచి ఆషాఢం కదా, పెళ్లిళ్లు ఉండవు. అందుకే జూలై 1న మూస్తున్నాం. మేస్త్రి 15 రోజుల పని అన్నాడు.

షట్టర్‌కి అంటించడానికి ఇలా రాశాను:

"గౌరవనీయులైన కస్టమర్లకు మనవి. షాపు ఆధునికీకరణ నిమిత్తం జూలై 1 నుండి 15 రోజులు మూసివేయబడును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఇట్లు, యాజమాన్యం."

ఇప్పుడు మా దగ్గర 47 రసీదులు పెండింగ్‌లో ఉన్నాయి. ఇన్నేళ్లు నమ్మి వచ్చినవాళ్లు వేరే టైలర్ దగ్గరికి వెళ్లిపోతారేమో అని మా అత్తగారికి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ నోటీసులో ఏం మార్చాలో చెప్పండి.

ఫోన్ షాపు తమ్ముడు
17 జూన్, రాత్రి 10:05

అక్కా, నోటీసు కాయితం ఎవరు చూస్తారు ఈ రోజుల్లో? గూగుల్ మ్యాప్‌లో మీ షాపు ఉంటే Temporarily closed అని పెట్టేయండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసి కస్టమర్లందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టేయండి. అరగంట పని. అయిపోయినట్టే.

నెల్లిమర్ల మేస్త్రి
17 జూన్, రాత్రి 10:31

వానాకాలంలో స్లాబు పని పెట్టుకున్నారు కాబట్టి చెప్తున్నాను. ముందు పైన పాత పొర గీకించి, పగుళ్లు నింపించి, అప్పుడే కెమికల్ పూయించండి. ఆరాక చుట్టూ కట్ట కట్టి స్లాబు మీద నీళ్లు నిలబెట్టి 24 గంటలు చూడండి. కింద చెమ్మ దిగకపోతేనే లోపల గోడ పని మొదలెట్టాలి. చెమ్మ గోడ మీద రంగేస్తే ఆరు నెలల్లో పొక్కులు లేస్తుంది. వైరింగ్‌కి గోడలు కోసి పూత పూస్తారు కదా, ఆ పూత కూడా ఆరాలి. టైల్స్ వేసిన మర్నాడే మిషన్లు, ఇస్త్రీ బల్ల తెచ్చి పెట్టేయకండి. చదరపు అడుగుకి ఎంత చెప్పాడు మీ మేస్త్రి?

గంటస్తంభం కోడలు
17 జూన్, రాత్రి 10:50

అన్నా, నేను అడిగింది నోటీసు గురించి. అయినా మీరు చెప్పింది చదివాక 15 రోజులు ఎలా సరిపోతాయా అని కొత్త టెన్షన్ పట్టుకుంది.

రిటైర్డ్ బాబాయ్
18 జూన్, ఉదయం 6:15

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు మనూళ్లోనే ఒక బట్టల షాపులో పనిచేశాను. పైఅంతస్తులో టైలరింగ్ సెక్షన్ నా చేతి మీదే నడిచేది. నువ్వు రాసిన నోటీసు బట్టల షాపుకి సరిపోతుంది, టైలర్ షాపుకి సరిపోదు. చీరల కొట్టు మూస్తే కొనేవాళ్లు పక్క కొట్టుకి వెళ్తారు, తెరిచాక మళ్లీ వస్తారు. మీ షాపు మూస్తే వాళ్ల వస్తువు లోపల ఉండిపోతుంది. తాళం చూడగానే మనిషికి వచ్చే మొదటి ఆలోచన "నా పట్టు గుడ్డ ఏమైంది?" అని. నీ నోటీసులో దానికి జవాబు లేదు.

గుడ్డకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, ఆది జాకెట్టు. ఒంటికి సరిగ్గా కుదిరిన జాకెట్టు ఆడవాళ్లకి ఒకటో రెండో ఉంటాయి. అదే మీకు ఆదికి ఇస్తారు. మీరు మూసేసి, ఆది మీ దగ్గరే ఉండిపోతే, ఆ మనిషి పాపం ఇంకో టైలర్ దగ్గర కూడా కుట్టించుకోలేదు. మా సెక్షన్ ఒకసారి పది రోజులు మూసినప్పుడు వచ్చిన గొడవల్లో సగం పైగా ఆదుల గురించే. కుట్టడం ఆలస్యమైతే సర్దుకున్నారు, ఆది ఇవ్వలేకపోయినందుకు మాత్రం క్షమించలేదు.

కాబట్టి నోటీసు పక్కన పెట్టి ముందు ఆ 47 రసీదులు బల్ల మీద పరిచి కుప్పలు చెయ్యి. కుట్టడం అయిపోయి వాళ్లు తీసుకెళ్లనివి ఒక కుప్ప. కటింగ్ అయినవి ఒకటి. ఇంకా కత్తెర పడని గుడ్డలు ఒకటి. మగ్గం వర్కుకి బయటికి ఇచ్చినవి ఒకటి. ఏ కుప్పలో ఎన్ని రసీదులు, ఎన్ని జాకెట్లో లెక్క రాసి ఇక్కడ పెట్టు. రోజుకి మీ దగ్గర ఎన్ని జాకెట్లు కుట్టగలరో అదీ చెప్పు. నోటీసు ఏం రాయాలన్నది ఆ లెక్కే చెప్తుంది.

చీపురుపల్లి అమ్మాయి
18 జూన్, ఉదయం 8:20

నేను టైలర్‌ని కాదు, కస్టమర్‌ని. పోయిన మాఘమాసంలో మా చెల్లి పెళ్లికి మూడు జాకెట్లు టౌన్‌లో ఒకచోట ఇచ్చాం. షాపు పేరు చెప్పను. పెళ్లికి ఆరు రోజుల ముందు బస్సు దిగి వెళ్తే సగం ఎత్తిన షట్టర్, లోపల తాపీ పనివాళ్లు, బయట ఇసక కుప్ప. నోటీసు ఎక్కడా లేదు. పనివాళ్లని అడిగితే "మాకు తెల్దమ్మా, ఓనర్ సాయంత్రం వస్తాడు" అన్నారు. అక్కడే మెట్ల మీద కూర్చుని మా అమ్మ ఏడ్చేసింది. తర్వాత తెలిసింది, నోటీసు ఉందట, షట్టర్ మీద అంటించారట. షట్టర్ పైకి ఎత్తితే కాయితం కూడా దాంతోపాటు చుట్టుకుపోయింది. పని జరుగుతున్నంతసేపూ షట్టర్ పైనే ఉంటుంది కదా! కనపడేది రాత్రిపూట మాత్రమే.

జాకెట్లు పెళ్లికి రెండు రోజుల ముందు అందాయి, కుట్టు కూడా బాగుంది. కానీ మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఫోన్ షాపు తమ్ముడు బ్రాడ్‌కాస్ట్ అన్నాడు. వాళ్లూ అదే పంపారట. నాకు రాలేదు. నా నంబరు వాళ్ల దగ్గర ఉంది కానీ వాళ్ల నంబరు నేను సేవ్ చేసుకోలేదు. టైలర్ నంబరు రసీదు మీద ఉంటుంది, ఫోన్‌లో ఎంతమంది ఎక్కించుకుంటారు?

ఫోన్ షాపు తమ్ముడు
18 జూన్, ఉదయం 9:02

నిజమే అక్కా, అది రాయడం మర్చిపోయాను. మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, కానీ మీ కస్టమర్లలో సేవ్ చేసుకున్నవాళ్లు ఎందరో మీకు తెలియదు. ఒక టిక్కే పడి ఆగిపోయిన పేర్లు చూసుకుని వాళ్లకి ఫోన్ చేయాలి. వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే Away message పెట్టండి, ఎవరు మెసేజ్ పెట్టినా దానంతటదే జవాబు వెళ్తుంది.

గూగుల్ సంగతి మాత్రం వదలకండి. కొత్తవాళ్లు దాన్ని చూసే వస్తారు. ఇంకో మాట, తెరిచిన రోజున మీరే లోపలికి వెళ్లి మళ్లీ తెరిచినట్టు మార్చాలి. అది దానంతటదే మారదు. మా వీధిలో ఒకాయన మర్చిపోయాడు, షాపు నడుస్తున్నా మ్యాప్‌లో చాలారోజులు మూసినట్టే కనపడింది.

గంటస్తంభం కోడలు
18 జూన్, మధ్యాహ్నం 2:45

బాబాయ్ గారూ, రసీదులన్నీ పరిచి చూశాం. కుట్టడం అయిపోయి తీసుకెళ్లనివి 18 రసీదులు. కటింగ్ అయినవి 9 రసీదులు, జాకెట్లు 20. గుడ్డలుగానే ఉన్నవి 17 రసీదులు, జాకెట్లు 42. మగ్గం వర్కుకి వెళ్లినవి 3 రసీదులు, జాకెట్లు 4.

మా దగ్గర కుట్టేవాళ్లు ఇద్దరు. లైనింగ్ జాకెట్లు మనిషికి రోజుకి మూడు చొప్పున ఆరు కుడతారు. కటింగ్ అంతా అత్తగారే. హుక్కులు, చేతికుట్టు నేను చూస్తాను. అందరికీ జూన్ 30 లోపు ఇస్తామనే తేదీలు రాసి ఇచ్చాం.

ఆదుల లెక్క కూడా తీశాం. మూట విప్పితే 29 ఉన్నాయి. రెండింటికి చీటీ ఊడిపోయింది, ఎవరివో అత్తగారు కుట్టు చూసి గుర్తుపట్టారు. ఆవిడ లేకపోతే ఆ రెండూ ఎవరివో చెప్పగలిగేవాళ్లం కాదు.

రిటైర్డ్ బాబాయ్
18 జూన్, సాయంత్రం 4:30

బాగా చేశావమ్మా. ఇప్పుడు చూడు. రేపు 19 నుంచి 30 దాకా పన్నెండు రోజులు. అందులో 22, 29 ఆదివారాలు తీసేస్తే పది రోజులు. రోజుకి ఆరు చొప్పున 60 జాకెట్లు. నీ చేతిలో ఉన్నవి 20, 42, మగ్గం నుంచి వచ్చే 4 కలిపి 66. అంటే ఈరోజు నుంచి ఒక్క కొత్త జాకెట్టు తీసుకోకపోయినా ఆరు మిగిలిపోతాయి. కుట్టే మనిషికి ఒకరోజు జ్వరం వచ్చినా, మగ్గం వర్కు రెండు రోజులు ఆలస్యమైనా ఇంకా పెరుగుతాయి. షాపు మూసే రోజున ఎవరో ఒకరికి మాట తప్పుతావు.

అందుకని గుడ్డలుగా ఉన్న 17 మందికి రేపే ఫోన్లు చెయ్యండి. "ఆలస్యమవుతుంది" అని మొదలెట్టొద్దు. "మీకిది ఏ రోజుకి కావాలండీ?" అని అడగండి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, సగంమందికి తొందర ఉండదు. శ్రావణానికి చాలన్నవాళ్ల గుడ్డ అలాగే ఉంచి కొత్త తేదీ వాళ్ల ముందే రసీదు మీద రాయండి. తొందరున్నవాళ్లది ముందు తీయండి. కటింగ్ అయినవాళ్లకి మాత్రం ఈ ప్రశ్న వేయకండి. కత్తెర పడిన గుడ్డ ఇంకెక్కడా ఇచ్చుకోలేరు, అది చెప్పిన రోజుకి ఇవ్వాల్సిందే.

ఫోన్ మీ అత్తగారే చేయాలి. 22 ఏళ్లుగా వాళ్లు వింటున్న గొంతు ఆవిడది.

శ్రీకాకుళం ఫోటో స్టూడియో
18 జూన్, రాత్రి 8:10

నా అనుభవం వేరేది. మాది శ్రీకాకుళం సూర్యమహల్ జంక్షన్ వైపు. రెండేళ్ల కిందట ఏసీ, సీలింగ్ మార్చడానికి 20 రోజులని బోర్డు పెట్టి మూశాను. సీలింగ్ వాడు చెయ్యిచ్చాడు. తేదీ మీద కాయితం అంటించి కొత్త తేదీ రాశాను. వారానికి మళ్లీ ఇంకో కాయితం. మూడోసారి మా పక్కనున్న టీ కొట్టాయనే అడిగాడు, "తమ్ముడూ, షాపు అమ్మేశావా?" అని. ఆ మాట ఊరంతా పాకింది. పెళ్లి ఆల్బమ్ అడ్వాన్సులు ఇచ్చిన ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాను. మొత్తం 32 రోజులకి తెరిచాను.

అందుకే నేను చెప్పేది, తేదీ రాయొద్దు. "త్వరలో" అని రాయండి. రాయని తేదీని ఎవరూ తప్పారనరు.

చీపురుపల్లి అమ్మాయి
18 జూన్, రాత్రి 8:40

అన్నా, "త్వరలో" అని చూస్తే నేనైతే ఆ రోజే నా గుడ్డ వెనక్కి తీసుకుంటాను. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాలనుకున్న చీరకి "త్వరలో" అంటే ఎప్పుడని అనుకోవాలి?

రిటైర్డ్ బాబాయ్
19 జూన్, ఉదయం 6:05

స్టూడియో బాబు బాధ నాకర్థమైంది. కానీ అతన్ని ముంచింది తేదీ రాయడం కాదు, పనివాడు చెప్పిన తేదీని కస్టమర్‌కి చెప్పడం. మేస్త్రి 15 అంటే అది ఎండ కాసి, మనుషులు రోజూ వచ్చి, సరుకు టైముకి దిగితే. నెల్లిమర్ల మేస్త్రి రాసింది మళ్లీ చదువమ్మా. స్లాబు ఆరాలి, నీళ్లు కట్టి చూడాలి, గోడలు కొయ్యాలి, పూత ఆరాలి, టైల్స్ కుదురుకోవాలి, ఆ తర్వాతే రంగు. జూలై వానల్లో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి.

జూలై 24 అమావాస్య, 25 శ్రావణ పాడ్యమి, శుక్రవారం. ఆషాఢంలో పని అయిపోయినా కొత్త గచ్చు మీద మీ అత్తగారు ఎలాగూ మిషన్ పెట్టనివ్వరు. కాబట్టి 25 అని రాయండి. మేస్త్రికి మాత్రం 15 రోజులే అని గట్టిగా చెప్పండి. మధ్యలో మిగిలే రోజులు మీవి. ముందే అయిపోతే ఎవరూ కోప్పడరు.

కొత్త ఆర్డర్ల మాట కూడా ఇప్పుడే అనుకోవాలి. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8. జూలై 25 నుంచి ఆగస్టు 7 దాకా ఆదివారాలు పోను పన్నెండు రోజులు, అంటే 72 జాకెట్లు. ఇప్పుడు శ్రావణానికి జరిపేవన్నీ అందులోంచే పోతాయి. మిగిలిందే కొత్తవాళ్లకి. ఆ అంకె గోడ మీద రాసుకుని, నిండగానే "వ్రతం తర్వాతే ఇవ్వగలం" అని చెప్పేయండి. మూసే ముందు వచ్చిన ప్రతి గుడ్డా పుచ్చుకుని తెరిచాక ఇవ్వలేకపోవడం చూశాను. అది మూయడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఫోన్ షాపు తమ్ముడు
19 జూన్, ఉదయం 9:15

ఓపెనింగ్ రోజుకి 20 శాతం డిస్కౌంట్ పెడితే జనం గుర్తు పెట్టుకుంటారు కదా, అది కూడా నోటీసులో వేస్తే?

రిటైర్డ్ బాబాయ్
19 జూన్, ఉదయం 9:50

వద్దు బాబూ. శ్రావణంలో అసలే కుట్టలేనంత పని. డిస్కౌంట్ పెడితే ఇంకో వందమంది వస్తారు, వ్రతం నాటికి ఇవ్వలేక పాతవాళ్లని పోగొట్టుకుంటారు. ఏదైనా ఇవ్వాలనుకుంటే తేదీ జరుపుకోవడానికి ఒప్పుకున్న పాతవాళ్లకి చీర ఫాల్స్ ఉచితంగా కుట్టివ్వండి. వాళ్లు సాయం చేశారు కాబట్టి వాళ్లకే.

గంటస్తంభం కోడలు
20 జూన్, రాత్రి 9:20

అత్తగారు నిన్నా ఈరోజూ కూర్చుని 17 మందికీ చేశారు. ఏడుగురు శ్రావణానికి చాలన్నారు, వాళ్ల జాకెట్లు 18. ఒకావిడ గజపతినగరం నుంచి, "షాపు మూసేస్తున్నారా పిన్నీ?" అని కంగారు పడింది. స్లాబు కారుతోందని చెప్తే, "అయితే బాగు చేయించుకోండి, నా చీరలు తడవకుండా చూడండి చాలు" అంది. ఇద్దరు గుడ్డ వెనక్కి అడిగారు, నాలుగు జాకెట్లవి. ఆదితో సహా ఇచ్చేశాం, అడ్వాన్సు కూడా. అత్తగారికి కష్టమనిపించింది గానీ ఒక్క మాట అనలేదు.

అంటే 66లో 22 పోను 44. నిన్నా ఈరోజూ 11 కుట్టాం. ఇంక 33 ఉన్నాయి, ఎనిమిది రోజులున్నాయి. శ్రావణంలో 72లో 18 పోతే కొత్తవాళ్లకి 54. ఆ అంకె సుద్దముక్కతో అద్దం పక్కన రాశాను.

ఒక డౌటు. మూసిన తర్వాత బట్టలు మా ఇంట్లో పెడతాం. నోటీసులో ఇంటి అడ్రసు రాయాలా? పగటిపూట అత్తగారు ఒక్కరే ఉంటారు.

చీపురుపల్లి అమ్మాయి
20 జూన్, రాత్రి 9:45

రాయొద్దండీ. పట్టు బట్టలు ఫలానా ఇంట్లో ఉన్నాయని రోడ్డు మీద బోర్డు పెట్టినట్టవుతుంది. మీ పక్కన లైనింగ్, ఫాల్స్ కొనుక్కునే మ్యాచింగ్ సెంటర్ ఏదైనా ఉందా? తాళం కనపడితే మేం మొదట అడిగేది వాళ్లనే.

శ్రీకాకుళం ఫోటో స్టూడియో
20 జూన్, రాత్రి 10:10

అడ్రసు గురించి నాది వేరే అభిప్రాయం. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతేనే అనుమానం పుడుతుంది. కనీసం వీధి పేరైనా రాయాలి. ఇంకొకటి, మీ కుట్టేవాళ్లిద్దరికీ ఆ 24 రోజులు ఏం చూపిస్తున్నారు? నా దగ్గర ఎడిటింగ్ కుర్రాడు మూసిన రెండో వారంలోనే వేరే స్టూడియోలో చేరిపోయాడు. అతనితోపాటు నా పెళ్లి బుకింగ్‌లు కూడా కొన్ని వెళ్లిపోయాయి.

గంటస్తంభం కోడలు
21 జూన్, ఉదయం 7:30

మ్యాచింగ్ సెంటర్ ఆవిడ ఒప్పుకుంది! రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా నేను అక్కడ కూర్చుని బట్టలు ఇస్తాను. వీధి పేరు గురించి ఇంట్లో కూడా తేలలేదు, మా ఆయన రాయమంటారు, అత్తగారు వద్దంటారు. ప్రస్తుతానికి రాయడం లేదు.

పనివాళ్ల మాట నిజమే, దాని గురించి నేను ఆలోచించనే లేదు. ఒక మిషన్ ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఒకరికి ఇంట్లో పని ఇవ్వగలం, రెండో ఆమెకి సగం జీతం ఇస్తామన్నాం. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.

బాబాయ్ గారూ, మళ్లీ రాశాను. చూసి చెప్పండి.

"మా కస్టమర్లకు మనవి.
స్లాబు కారుతున్నందువల్ల, కరెంటు వైర్లు మార్చాల్సి వచ్చినందువల్ల షాపు జూలై 1 మంగళవారం నుంచి మూసి ఉంటుంది. జూలై 25, శ్రావణ మాసం మొదటి శుక్రవారం ఉదయం 10 గంటలకు ఇక్కడే తెరుస్తాం.
మీ బట్టలు, ఆది జాకెట్లు షాపులో లేవు. రసీదు నంబరు చీటీతో వేరే చోట భద్రంగా ఉన్నాయి. ఈ నంబరుకి ఫోన్ చేసి రసీదు నంబరు చెప్తే, ఆదివారం తప్ప రోజూ సాయంత్రం 5 నుంచి 7 వరకు పక్కనున్న మ్యాచింగ్ సెంటర్‌లో ఇస్తాం.
మీ ఆది జాకెట్టు ఒక్కటే కావాలన్నా ఇస్తాం.
జూన్ 30 లోపు తేదీ రాసి ఇచ్చినవన్నీ ఆ తేదీకే ఇస్తాం. వరలక్ష్మీ వ్రతానికి కావలసిన జాకెట్లు జూన్ 28 వరకు, కుట్టగలిగినన్ని మాత్రమే తీసుకుంటాం."

కింద అత్తగారి పేరు, ఫోన్ నంబరు.

రిటైర్డ్ బాబాయ్
21 జూన్, ఉదయం 8:40

"ఇక్కడే తెరుస్తాం" అన్నావు చూడు, అది మంచి మాట. మూసిన షాపు మళ్లీ అక్కడే ఉంటుందా అన్నదే సగంమంది సందేహం. "యాజమాన్యం" తీసేసి అత్తగారి పేరు పెట్టడం కూడా సరైనదే. "ఆధునికీకరణ" అంటే రేట్లు పెంచుతారేమో అనుకుంటారు, స్లాబు కారుతోందంటే అందరికీ అర్థమవుతుంది.

ఒక్క మార్పు. ఫోన్ నంబరు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పైన ఉండాలి. రోడ్డు మీద స్కూటీ ఆపి చూసేవాళ్లు మొత్తం చదవరు, నంబరు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఫ్లెక్సీ మీదే వేయించు, కాయితం వానకి నిలవదు. షట్టర్‌కి కాదు, పక్క గోడకి కట్టించు. ఈరోజే కట్టించు. మూశాక కట్టిన నోటీసు అప్పటికే వచ్చి తిరిగి వెళ్లినవాళ్లకి పనికిరాదు. ఈ పది రోజులూ మెట్లెక్కే ప్రతి మనిషీ అది చదివి లోపలికి రావాలి.

గంటస్తంభం కోడలు
9 జూలై, రాత్రి 8:50

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. జూన్ 30 రాత్రి 10:15కి ఆఖరి జాకెట్టు హుక్కులు కుట్టి ఇచ్చాం. మగ్గం వర్కువి నాలుగూ 27నే వచ్చాయి. వ్రతం జాకెట్లు 54 అనుకున్నది 51 దగ్గర ఆపేశాం, అత్తగారు మూడు ఖాళీ ఉంచమన్నారు.

మూసినప్పటి నుంచి రోజుకి ఏడెనిమిది ఫోన్లు వస్తున్నాయి. సగం పైగా ఆదుల గురించే, బాబాయ్ గారు చెప్పినట్టే. తొమ్మిది ఆదులు ఇచ్చాం. అలా తీసుకెళ్లినవాళ్లలో ముగ్గురు వేరేచోట కుట్టించుకుంటామని చెప్పే తీసుకెళ్లారు. వాళ్లు తిరిగొస్తారో లేదో తెలియదు. రెండో టైలర్ ఆమె మాత్రం సగం జీతానికి ఒప్పుకోలేదు, తెలిసినవాళ్ల షాపులో చేరింది. శ్రావణానికి వస్తానంది. రాకపోతే 72 లెక్క 36 అవుతుంది, అందుకే ఇంటి దగ్గర ఇప్పటినుంచే శ్రావణం జాకెట్లు మొదలుపెట్టాం. రోజుకి మూడు పూర్తవుతున్నాయి.

రెడీగా ఉండి తీసుకెళ్లని 18లో మూడు రసీదులు అలాగే ఉన్నాయి. రెండు నంబర్లు పనిచేయడం లేదు. ఒకటి కిందటి దసరా నాటిది. ఇలాంటివి ఎన్నాళ్లు ఉంచాలి?

రిటైర్డ్ బాబాయ్
10 జూలై, ఉదయం 6:20

మా దగ్గర ఏడాది ఉంచేవాళ్లం, అది మేం పెట్టుకున్న లెక్క. కొందరు ఆర్నెల్లే అంటారు. నన్నడిగితే ఆ దసరా జాకెట్టు ఈ దసరా దాకా ఉంచు. సిరిమానోత్సవానికి ఊరికొచ్చే ఆడపడుచుది అయి ఉండొచ్చు. వేరే కవర్‌లో పెట్టి, గుడ్డ రంగు, రసీదు నంబరు, ఎన్నిసార్లు ఫోన్ చేశారో పైన రాసి పెట్టు. రెండో టైలర్ సంగతి నాకూ బెంగగానే ఉంది, ఈ వారంలోనే ఒకసారి వాళ్లింటికి వెళ్లి మాట్లాడు.

నెల్లిమర్ల మేస్త్రి
10 జూలై, ఉదయం 7:45

స్లాబు మీద నీళ్లు కట్టి చూశారా?

గంటస్తంభం కోడలు
10 జూలై, ఉదయం 8:10

చూశామన్నా. మొదటిసారి వెనక మూల చెమ్మ దిగింది, మళ్లీ గీకి పూశారు. రెండోసారి నిన్న సాయంత్రం కట్టారు, ఇప్పటికి పొడిగానే ఉంది. వైరింగ్‌కి గోడలు కోయడం ఈ మధ్యాహ్నం మొదలవుతుంది. మేస్త్రి చెప్పిన 15 అయితే దాటిపోతుంది. 25 మాత్రం అందేలా ఉంది.